ఏటీఎంలో చిక్కిన పదివేలు: ఫిర్యాదు తిరగరాస్తే ఏమైంది



పోయిన మే నెలలో గూళ్లు అమ్మిన డబ్బు మా ఖాతాలో పడింది. కూలీలకు ఇవ్వాలని మే 6న పావగడలో ఒక ఏటీఎంకు పోయి 10,000 రూపాయలు తీయబోయినాము. మిషన్ శబ్దం చేసిందే గానీ నోట్లు రాలేదు. ఫోనుకు మాత్రం డబ్బు తీసినట్టు మెసేజ్ వచ్చింది.

మా బ్యాంకుకు రెండుసార్లు తిరిగినాము. "వస్తుంది పోండి" అన్నారు. మే 13న కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సీలు వేయించుకున్నాము. నెల దాటినా జవాబు లేదు. అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయడానికి కూర్చున్నాము.

మొదట రాసింది రెండు పేజీలు. రైతంటే లెక్కలేదని, గంటలు నిలబెట్టినారని, న్యాయం చేయమని రాసినాము. మా ఊర్లో రిటైరైన మేష్టరు చదివి, "ఎప్పుడు పోయింది, ఎంత పోయింది, నీకేం కావాల, ఇందులో ఎక్కడుందప్పా?" అన్నాడు. కోపం తీసేసి ఇట్లా తిరగరాసినాము:

*జరిగింది:* మే 6 ఉదయం 11:20కి ఏటీఎంలో 10,000 రూపాయలు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది.

*ముందు చేసింది:* మే 7, 9 తేదీల్లో బ్యాంకులో నోటితో చెప్పినాము. మే 13న రాసిచ్చినాము. జూన్ 12కి 30 రోజులు నిండినా జవాబు లేదు.

*కోరేది:* 10,000 రూపాయలు, మే 12 నుంచి జూన్ 15 వరకు 35 రోజులకు 3,500 పరిహారం, ఆపైన డబ్బు పడేదాకా రోజుకు 100.

*జతచేసినవి:* సీలు వేసిన నకలు, పాస్‌బుక్ పేజీ, మెసేజ్ ఫోటో.

రోజుకు వంద మేము కల్పించింది కాదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇట్లాంటి డబ్బు 5 రోజుల్లోపల వాపసు వేయాల. దాటితే రోజుకు 100 రూపాయలు, మనం అడగకపోయినా ఇవ్వాల. మే 6కు ఐదు కలిపితే మే 11, అందుకే లెక్క మే 12 నుంచి మొదలైంది.

రెండో భాగమే అన్నిటికంటే ముఖ్యం. ముందు బ్యాంకుకు రాతలో ఇచ్చి ఉండాల. వాళ్లు కాదనాల, లేదా ఇచ్చిన జవాబు మనకు సరిపోకూడదు, లేదా 30 రోజులు జవాబే రాకూడదు. అప్పుడే అంబుడ్స్‌మన్ తీసుకుంటాడు. నోటిమాట లెక్కకు రాదు. మేము మే 7నే రాసిచ్చి ఉంటే ఆరు రోజులు కలిసొచ్చేవి. అదే విషయం మీద కోర్టులో కేసు ఉంటే కూడా తీసుకోరు.

ఫోనులో అయితే cms.rbi.org.in లో పెట్టొచ్చు. కాగితమైతే చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు. పిన్ నంబరు మాత్రం ఎక్కడా రాయొద్దండి.

మా డబ్బు జూలైలో పడింది, ఆలస్యమైన రోజుల పరిహారంతో సహా. పాత రెండు పేజీలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. వాటిలో ఒక్క తేదీ కూడా లేదు.