ఏమి? ఎలా? ఎవరికి?

మానవుని అవసరాలు అనంతం. వాటిని తీర్చవలసిన భూమి, నీరు, శ్రమ, మూలధనం పరిమితం. ఒక ఎకరంలో మిరప నాటిన రైతు ఆ పంటకాలంలో అదే ఎకరంలో వరి పండించలేడు. అందుచేత ప్రతి సమాజమూ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోక తప్పదు. ఏ వస్తువును ఎంత ఉత్పత్తి చేయాలి? ఏ పద్ధతిలో ఉత్పత్తి చేయాలి? ఉత్పత్తి అయిన వస్తువు ఎవరికి చేరాలి? ప్రశ్నలు అన్ని దేశాలకూ ఇవే. సమాధానం చెప్పే అధికారం ఎవరిదన్న దగ్గరే ఆర్థిక వ్యవస్థల మధ్య భేదం ఏర్పడుతుంది. మనిషికి అన్నిటికన్నా ముందు కావలసినది ఆహారం కనుక, పంటల ద్వారానే ఈ భేదాన్ని పరిశీలించడం సముచితం.

మార్కెట్ వ్యవస్థలో సమాధానం చెప్పేది ధర. గుంటూరు మిర్చియార్డు ఇందుకు దగ్గరి ఉదాహరణ. రైతులు టిక్కీలలో నింపి తెచ్చిన కాయలను కొనుగోలుదారులు పరిశీలిస్తారు. రంగు, ఘాటు, తేమ చూసి ధర పలుకుతారు. ఇన్ని ఎకరాలలో మిరప వేయవలసిందని రైతును శాసించే అధికారి ఎవరూ లేరు. మిరపకు కేంద్రం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధర కూడా లేదు. క్రితం ఏడు ధర బాగుంటే ఈ ఏడు మిరప విస్తీర్ణం పెరుగుతుంది. ఇది మొదటి ప్రశ్నకు సమాధానం. కాయల కోతకు కూలి ఖర్చు పెరిగిన కొద్దీ రైతు ఇతర ఖర్చులను తగ్గించే మార్గాలు వెదుకుతాడు. ఇది రెండవదానికి సమాధానం. ఇక మూడవదానికి సమాధానం మరింత సూటిగా ఉంటుంది: ఎక్కువ ధర చెల్లించగలవారికే సరుకు చేరుతుంది. ఆ కొనుగోలుదారు చైనాకు ఎగుమతి చేసే వర్తకుడైనా, పొరుగూరి కారప్పొడి మిల్లు యజమాని అయినా ధరకు తేడా లేదు. కొనుగోలు శక్తి లేని ఆకలి మార్కెట్‌కు వినిపించదు.

ఈ పద్ధతిలో ఒక చిక్కున్నది. రైతు చూసేది నిన్నటి ధర. పంట చేతికి వచ్చేది రేపు. ఒక్కొక్కరు తమ లెక్క ప్రకారం సరిగ్గానే నిర్ణయించుకున్నా, అందరూ ఒకే లెక్క వేసినప్పుడు సరుకు వెల్లువెత్తుతుంది. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటిన మిర్చి ధర 2025 ఆరంభానికి బాగా పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను నిర్ణయించవలసి వచ్చింది. ధర పాలించే చోటనే ధర విఫలమైనప్పుడు ప్రభుత్వాన్ని పిలువక తప్పలేదన్నమాట. అచ్చమైన మార్కెట్ వ్యవస్థ గ్రంథాలలో తప్ప లోకంలో కనిపించకపోవడానికి కారణం ఇదే.

దీనికి పూర్తిగా ఎదురుమార్గం సోవియట్ యూనియన్‌ది. అక్కడ 1921లో గోస్‌ప్లాన్ అనే ప్రణాళికా సంఘం ఏర్పడింది. 1928 నుండి పంచవర్ష ప్రణాళికలు ఆరంభమయ్యాయి. ఎంత ఉక్కు, ఎంత గోధుమ, ఎన్ని బూట్లు అన్నది కేంద్రమే నిర్దేశించేది. రైతుల పొలాలను సమష్టి క్షేత్రాలుగా మార్చారు. పండిన ధాన్యంలో మొదట రాజ్యానికి చెల్లించవలసిన కోటా తీసివేస్తారు, మిగిలినదే రైతులది. ఆ కోటా పంటను మించినప్పుడు ఏమవుతుందో 1932-33 సంవత్సరాలు చాటిచెప్పాయి. ఒకవైపు ధాన్యం ఎగుమతులు సాగుతుండగానే ఉక్రెయిన్, కజకిస్తాన్ మొదలైన ప్రాంతాలలో లక్షల సంఖ్యలో ప్రజలు ఆకలితో మరణించారు. ‘ఎవరికి’ అన్న ప్రశ్నకు సమాధానం ఒక్క చోటనే నిర్ణయమైనప్పుడు, ఆ నిర్ణయం తప్పైతే దానిని అడ్డుకోగల వేరొక చోటు మిగలలేదు.

తరువాతి దశాబ్దాలలో చిక్కు మరొక రూపం దాల్చింది. ప్రభుత్వం రొట్టె ధరను చాలా తక్కువగా, మారకుండా నిలిపి ఉంచింది. ఎంత పేదవాడైనా రొట్టె కొనగలిగాడు. ఇది తక్కువ విషయం కాదు. అయితే పశువుల దాణా కంటె దుకాణంలోని రొట్టె చవక కావడంతో గ్రామీణులు రొట్టెలు కొని పందులకు, కోళ్ళకు వేయసాగారు. ఎంతో శ్రమతో పిండి చేసి కాల్చిన ఆహారం తిరిగి దాణా కావడం వృథా అని ఏ లెక్కా చెప్పలేకపోయింది; ఎందుకంటె చెప్పవలసిన ధర నోరు కట్టివేయబడింది. 1962లో ప్రభుత్వం మాంసం, వెన్న ధరలు పెంచగా నోవోచెర్కాస్క్ పట్టణంలో కార్మికులు తిరగబడ్డారు. సైనికులు కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా మరణించారు. మరుసటి ఏడాదే ఆ దేశం విదేశాల నుండి గోధుమలు కొనుగోలు చేసింది. కర్మాగారాలలోనూ ఇదే తీరు. లక్ష్యాన్ని టన్నులలో నిర్ణయించినందువల్ల దీపాల గుత్తులు నానాటికీ బరువెక్కుతున్నాయని స్వయంగా నాయకుడు కృశ్చేవ్ 1959లో వాపోయాడు. నవ్వు పుట్టించే మాటే గాని, కొలతనే లక్ష్యంగా పెట్టిన ప్రతి చోటా జరిగేది ఇంతే. సోవియట్ యూనియన్ 1991లో అంతరించింది.

భారతదేశం ఈ రెండింటి నడుమ నడిచింది. వరి కథలో ఆ మిశ్రమం స్పష్టంగా కనిపిస్తుంది. 1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. ఏ పంట వేయాలన్నది నేటికీ రైతు ఇష్టమే. కాని పంటకాలం ఆరంభంలో కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26కు సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు నిర్ణయించారు. రైతు చేతి నుండి పెట్టిన ఖర్చుకు కుటుంబ సభ్యుల శ్రమ విలువ కలిపి, ఆ మొత్తంపై కనీసం సగం అదనంగా ఉండాలన్నది 2018-19 నుండి అనుసరిస్తున్న సూత్రం. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం మించరాదు. మిల్లు వంద కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించాలి. ఆ బియ్యం ప్రజాపంపిణీ వ్యవస్థ ద్వారా చౌకధరల దుకాణానికి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చే పథకాన్ని ఆరంభించింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం సాధారణంగా అర్హులైన ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది. 2023 జనవరి నుండి దానిని ఉచితం చేశారు.

ఇక్కడ రాజ్యం మూడవ ప్రశ్నను మాత్రమే తన చేతిలోకి తీసుకున్నట్లు కనబడుతుంది. నిజానికి మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడినవే. పేదలకు బియ్యం ఇవ్వాలంటే ధాన్యం కొనాలి. కొంటామని హామీ ఇస్తే రైతు వరివైపే మొగ్గుతాడు. మద్దతు ధర ఇరవైకి పైగా పంటలకు ప్రకటించినా, పెద్దయెత్తున కొనుగోలు జరిగేది వరి, గోధుమలకే. అందువల్ల వరి సంప్రదాయ పంట కాని పంజాబులో సైతం అది విస్తరించి భూగర్భజలం అడుగంటుతూ వచ్చింది. మూడవ ప్రశ్నకు చెప్పిన సమాధానం మొదటిదాన్నీ రెండవదాన్నీ మార్చివేసింది.

మద్దతు ధర హామీ అయినా అందరికీ సమానంగా అందదు. కొనుగోలు కేంద్రం అడిగేది పంట నమోదు పత్రాన్ని. కౌలురైతుకు భూమి కాగితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, అందులోని ఒప్పంద పత్రంపై భూయజమాని సంతకం అవసరమైంది. తన భూమిపై హక్కు ఎక్కడ పోతుందోనన్న భయంతో సంతకానికి వెనుదీసిన యజమానులు అనేకులు. అటువంటి పొలంలో పండిన ధాన్యాన్ని, ప్రకటించిన ధర ఏదైనా, కౌలురైతు కళ్ళంలోనే దళారి చెప్పిన రేటుకు తూచి ఇవ్వవలసి వస్తుంది.