72 గంటల లోపు చేరాల్సిన ఉత్తరం

వరి కోసి పనల మీద ఉంది. రెండు మంచి ఎండలు కాస్తే కట్టలు కట్టి కుప్ప వేసుకోవచ్చు. సరిగ్గా అప్పుడే వాన పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా డెల్టాలో చాలామంది రైతులకు జరిగింది ఇదే. చేతికొచ్చిన పంట చేలోనే నానిపోయింది. ఇలాంటప్పుడు ఊళ్లో అందరూ అడిగేది బీమా వస్తుందా అని. నష్టం ఎంత పెద్దదన్నది తర్వాత తేలే సంగతి. ముందు చూసేది, ఆ నష్టం గురించి ఎవరు, ఎప్పుడు, ఏ వివరాలతో తెలియజేశారన్నది. రైతు సహకార సంఘం రాసే ఉత్తరానికి విలువ అక్కడే ఉంది.

2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ముఖ్యమైన రక్షణ ఊరికంతటికీ కలిపి ఉంటుంది. పంటకోత ప్రయోగాలు చేసి, బీమా యూనిట్‌లో సగటు దిగుబడి నిర్ణీత స్థాయికన్నా తగ్గిందని తేలితే అక్కడ బీమా ఉన్న రైతులందరికీ పరిహారం లెక్కకడతారు. దానికి రైతు ఎవరికీ ఫిర్యాదు చేయనక్కరలేదు. కోత తర్వాతి నష్టం అలా కాదు. అది చేనుచేనుకీ వేరుగా ఉంటుంది కాబట్టి, నష్టం జరిగిన 72 గంటల్లోగా సమాచారం ఇవ్వాలని పథకం నియమం. ఈ అదనపు రక్షణ తమ పంటకు, తమ జిల్లాకు వర్తిస్తుందో లేదో రాష్ట్ర ప్రభుత్వం ఆ సీజన్‌కు ఇచ్చిన నోటిఫికేషన్‌లో ముందే చూసుకోవాలి.

ఏది కోత తర్వాతి నష్టం అన్న దగ్గరే చాలామంది పొరబడతారు. కోసి చేలో పరిచిన పనలకు, లేదా ఆరడానికి అక్కడే ఉంచిన చిన్న కట్టలకు, కోసిన రోజు నుంచి 14 రోజుల వరకే ఈ రక్షణ ఉంటుంది. వడగళ్లు, తుపాను, తుపాను వాన, అకాల వర్షం ఇందులోకి వస్తాయి. వరికోత మిషన్‌తో కోయించి రోడ్డు మీదో కళ్లంలోనో ఆరబోసిన ధాన్యం తడిస్తే ఇందులోకి రాదు, ఎందుకంటే అది నూర్చేసిన గింజ. కొనుగోలు కేంద్రంలో తడిసిన బస్తాలదీ అదే పరిస్థితి. కోయకుండా నిలబడి ఉన్న చేను అకాల వర్షానికి పడిపోతే కోత తర్వాతి నష్టం కింద అడగడం కుదరదు. దాన్ని సాధారణంగా ఊరి సగటు దిగుబడి లెక్కలోనే చూస్తారు. ఈ మూడు రకాల నష్టాలనూ కలిపి ‘అకాల వర్షానికి పంట పోయింది’ అని ఒకే వాక్యం రాస్తే, నిజంగా అర్హత ఉన్న పనల నష్టం కూడా ఆ గందరగోళంలో మరుగున పడుతుంది.

రైతులు ఎవరికి వారు ఫోన్ చేయొచ్చు కదా, సంఘం ఎందుకు రాయాలి? దీనికి జవాబు నియమాల్లోనే ఉంది. నష్టపోయిన విస్తీర్ణం ఆ బీమా యూనిట్‌లో బీమా చేసిన మొత్తం పంట విస్తీర్ణంలో 25 శాతం లోపు ఉంటే, సమాచారం ఇచ్చిన రైతుల చేలను విడివిడిగా చూస్తారు. 25 శాతం దాటితే అర్హులైన రైతులందరూ నష్టపోయినట్టే పరిగణించి, కొన్ని చేలను నమూనాగా పరిశీలించి నష్టం శాతం తేలుస్తారు. ఊరి మొత్తం మీద ఎంత మునిగిందో ఒక్కో రైతు చేసే ఫోన్ కాల్‌లో కనిపించదు. సంఘం జతచేసే పట్టికలో కనిపిస్తుంది.

ఒక ఊరిని ఊహించుకుని లెక్క చూద్దాం. అక్కడ బీమా చేసిన వరి 320 ఎకరాలు. శనివారం సాయంత్రం 6 గంటలకు మొదలైన వాన ఆదివారం తెల్లవారుజామున 4 దాకా కురిసింది. జాగ్రత్త కోసం గడువును వాన మొదలైన గంట నుంచే లెక్కపెట్టుకోవాలి. అంటే మంగళవారం సాయంత్రం 6కి గడువు ముగుస్తుంది. నియమంలో ఉన్నవి గంటలు. పనిదినాలు కావు. మధ్యలో ఆదివారం వచ్చిందని ఒక రోజు కలిసివస్తుందనుకోకూడదు.

ఆదివారం పొద్దున్నే సంఘం కార్యదర్శి, ఇద్దరు డైరెక్టర్లు చేల మీదికి వెళ్లారు. పనలు తడిసిన సభ్యులు 60 మంది తేలారు. వాళ్లలో ఇద్దరు వానకు 16 రోజుల ముందే కోశారు. 14 రోజులు దాటిన ఆ ఇద్దరి చేలనూ పట్టికలో చేర్చలేదు. మిగిలిన 58 మందిది 88 ఎకరాలు. 320లో ఇది 27.5 శాతం. ఉత్తరాన్ని సోమవారం ఉదయం ఇలా రాశారు:

‘బీమా సంస్థ జిల్లా ప్రతినిధి గారికి,
విషయం: కోత తర్వాత చేలో ఆరబెట్టిన వరి పనలకు అకాల వర్షం వల్ల నష్టం – 72 గంటల లోపు సమాచారం.
అయ్యా,
మా గ్రామంలో శనివారం సాయంత్రం 6 గంటల నుంచి ఆదివారం తెల్లవారుజామున 4 గంటల వరకు కురిసిన అకాల వర్షానికి మా సంఘ సభ్యులు 58 మందికి చెందిన 88 ఎకరాల్లో, కోసి చేలో పరిచిన వరి పనలు తడిసి నీటిలో ఉన్నాయి. ఇవన్నీ వర్షానికి ముందు 14 రోజుల లోపు కోసినవే. నూర్పిడి కాలేదు. సభ్యుల వారీగా దరఖాస్తు నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, కోసిన తేదీ జతచేసిన పట్టికలో ఉన్నాయి. ఈ ఉత్తరాన్ని ఒక్కొక్క రైతు తరఫున ఇచ్చిన నష్ట సమాచారంగా స్వీకరించి, నష్ట పరిశీలకుడిని పంపవలసిందిగా కోరుతున్నాము. ఇప్పుడు ఖాళీగా ఉన్న వివరాలను 7 రోజుల లోపు పూర్తిచేసి ఇస్తాము.
ఇట్లు, సంఘం కార్యదర్శి.’

ఈ ఉత్తరంలో ‘నూటికి నూరు శాతం నష్టం’ అన్న మాట లేదు. ఎంత శాతమన్నది తేల్చాల్సింది పరిశీలన. ముందే పెద్ద అంకె రాస్తే, చేలో కనిపించేది దానికి సరిపోలనప్పుడు పట్టిక మొత్తం మీదే అనుమానం వస్తుంది. చివరి వాక్యానికీ ఆధారం ఉంది. అన్ని వివరాలూ వెంటనే దొరక్కపోతే సగం నింపిన ఫారమైనా గడువులో పంపి, పూర్తి ఫారం నష్టం జరిగిన ఏడు రోజుల లోపు ఇవ్వడానికి పథకం మార్గదర్శకాలు వీలు కల్పిస్తున్నాయి. ఒక సభ్యుడి పాస్‌బుక్ కోసం ఎదురుచూస్తూ మిగతా 57 మంది గడువు పోగొట్టనక్కరలేదు.

ఉత్తరం కన్నా పట్టిక ముఖ్యం. బీమా ఒప్పందం రైతుతో ఉంటుంది, సంఘంతో కాదు. అందుకే సర్వే నంబరు వారీగా ఏ పంట, ఎంత విస్తీర్ణం దెబ్బతిన్నదన్నది సమాచారంలో ఉండి తీరాలి. తప్పులు దొర్లేది ఇక్కడే. సర్వే నంబరు రాసి సబ్ డివిజన్ వదిలేస్తారు. బీమా పత్రంలో విస్తీర్ణం హెక్టార్లలో ఉంటే పట్టికలో ఎకరాలు వేస్తారు. ఒక హెక్టారు దాదాపు 2.47 ఎకరాలు కాబట్టి అంకెలు పొంతన లేకుండా పోతాయి. కౌలు చేనైతే భూమి యజమాని పేరు రాస్తారు, బీమా మాత్రం కౌలు రైతు పేరున ఉంటుంది. బీమా దరఖాస్తులో పేరు ఎలా ఉందో పట్టికలోనూ అలాగే ఉండాలి.

ఇక ఉత్తరం చేరిందని రుజువు కావాలి. సంఘం ఉత్తరం ఒక్కదాన్నే నమ్ముకోకుండా ప్రతి సభ్యుడి చేతా 14447కి ఫోన్ చేయించడం, లేదా క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో నష్టం నమోదు చేయించడం మంచిది. ఆ నమోదుకు వచ్చే నంబరును పట్టికలో అతని పేరు ఎదుట వేస్తే ఉత్తరానికీ ఫిర్యాదుకూ లంకె కుదురుతుంది. ఆఫీసులు మూసి ఉన్న ఆదివారం చేయగలిగిన పని కూడా ఇదే. ఉత్తరం ఒక ప్రతిని బీమా సంస్థకు ఈమెయిల్‌లో పంపి, ఇంకో ప్రతిని నేరుగా ఇచ్చి తేదీ, సమయంతో ముద్ర వేయించుకోవాలి. మరో రెండు ప్రతులు వ్యవసాయ శాఖ కార్యాలయానికి, ప్రీమియం కట్టిన బ్యాంకుకు ఇవ్వాలి.

సమాచారం అందిన 48 గంటల్లో సంస్థ నష్ట పరిశీలకుడిని నియమించాలి. ఆ తర్వాత పది రోజుల్లో పరిశీలన పూర్తికావాలి. కానీ తడిసిన పన అన్ని రోజులు ఆగదు. గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పంటను కాపాడుకునే ఈ పని ఆపకూడదు, సాక్ష్యమూ పోకూడదు. అందుకని పనలు కదపకముందే తేదీ, స్థలం నమోదయ్యేలా ఫోటోలు తీయాలి. గట్టు, కాలువ, మోటారు షెడ్డు లాంటి గుర్తులు కూడా కనిపిస్తే అది ఏ చేనో తెలుస్తుంది. చేలో ఒక మూల కొన్ని పనలను అలాగే వదిలేయాలి. పరిశీలకుడు వచ్చినప్పుడు సంఘం మనిషి పట్టికతో పక్కన ఉండి, ఆయన రాసుకున్న విస్తీర్ణం, శాతం చదివాకే రైతు సంతకం పెట్టాలి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఎకరానికి బీమా మొత్తం 40,000 రూపాయలు అనుకుందాం. ఖరీఫ్ వరికి రైతు వాటా ప్రీమియం గరిష్ఠంగా 2 శాతం, అంటే 800. పనల నష్టం 45 శాతమని తేలితే ఎకరానికి 18,000 వస్తుంది. తర్వాత పంటకోత ప్రయోగాల ప్రకారం ఊరికంతటికీ 55 శాతం పరిహారం తేలితే అది 22,000. అప్పుడు తేడా 4,000 మాత్రమే ఇస్తారు. ఊరి లెక్క 30 శాతమే వస్తే అదనంగా ఏమీ రాదు, ముందు వచ్చిన 18,000 అలాగే ఉంటుంది. రెండు పరిహారాలూ పూర్తిగా కలిపి ఇవ్వరు.

గడువు తప్పితే పోయేది కోత తర్వాతి నష్టం కింద అడిగే హక్కు. ఊరి సగటు దిగుబడి మీద వచ్చే పరిహారానికి సమాచార గడువు లేదు కాబట్టి అది పోదు. ఆలస్యమైపోయిందని బీమా కాగితాలు పారేయకుండా పంటకోత ప్రయోగాల ఫలితాలు వచ్చేదాకా దాచుకోవాలి. ఇక గడువు తప్పకుండా ఉండాలంటే, పట్టికలో అయిదు గడులుంటే నాలుగింటిని వాన పడకముందే నింపి పెట్టుకోవచ్చు: పేరు, దరఖాస్తు నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం. బీమా కట్టిన వారంలోనే సంఘం ఈ పని చేసుకుని, కోతలు మొదలయ్యాక ఏ చేను ఏ రోజు కోశారో అయిదో గడిలో రాస్తూ పోతే, వాన పడ్డ మర్నాడు మిగిలేది ఎవరి పనలు తడిశాయో గుర్తుపెట్టడమే. 72 గంటలు ఆ పనికి సరిపోతాయి.