టోకెన్ చెల్లించే ముందు రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్నలు

బెంగళూరులో అద్దె ఇల్లు వెదికేవారు ముందుగా రెండు మాటల తేడా తెలుసుకోవాలి. ఇక్కడ ‘అడ్వాన్సు’ అంటే ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి రావలసిన ధరావతు. పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం పాత ఆనవాయితీ. అంతకు తక్కువకు సమ్మతించే యజమానులూ ఉన్నారు. ఇంటిని మరొకరికి ఇవ్వకుండా నిలిపి ఉంచేందుకు ముందుగా చెల్లించే చిన్న మొత్తాన్ని ‘టోకెన్’ అంటారు. వివాదాలు ఎక్కువగా ఈ టోకెన్ దగ్గరే మొదలవుతాయి.

ఉదాహరణకు, నెలకు 18,000 రూపాయల అద్దె, 1,80,000 రూపాయల అడ్వాన్సు గల ఇంటికి ఒక కుటుంబం ఆదివారం 10,000 రూపాయల టోకెన్ పంపిందనుకుందాం. గురువారం ఒప్పందపత్రం ముసాయిదా అందింది. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె మినహాయిస్తామనీ, ట్యాంకరు నీటి ఖర్చు అద్దెదారే భరించాలనీ అందులో ఉంది. కుటుంబం వెనుకంజ వేసింది. టోకెన్ తిరిగి ఇవ్వడం కుదరదని యజమాని అన్నాడు. ఆదివారం నాటి సంభాషణ అంతా నోటిమాటగానే సాగింది కనుక ఎవరి వాదననూ నిరూపించే ఆధారం లేదు.

ఆదివారమే ఇటువంటి సందేశం పంపి, జవాబు వచ్చేవరకు డబ్బు ఆపి ఉంటే సరిపోయేది: “ఈ 10,000 రూపాయలు అడ్వాన్సులో కలుస్తాయా? ఇంటిని ఏ తేదీ వరకు నిలిపి ఉంచుతారు? ఒప్పందపత్రం షరతులు మాకు సమ్మతం కాకపోతే ఎంత మొత్తం, ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారు? మీరే ఇల్లు ఇవ్వలేకపోతే? రంగులకు, మరమ్మతులకు అడ్వాన్సు నుండి ఎంత మినహాయిస్తారు? నీరు కావేరిదా, బోరుదా, ట్యాంకరుదా, ఖర్చు ఎవరిది?”

వీటిలో మూడవ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. “చూద్దాం లెండి” అన్న జవాబును సమ్మతిగా భావించరాదు. మొత్తమూ గడువూ అంకెలలో రావాలి. ఈ దశలో స్టాంపు కాగితం అక్కరలేదు. ఫోను సందేశమూ దానికి వచ్చిన జవాబూ భద్రపరచుకుంటే అవే ఆధారమవుతాయి. యజమానికి తెలుగు రాకపోతే కన్నడంలోగాని ఇంగ్లీషులోగాని వ్రాయించాలి. ఫోనులో మాట్లాడుకున్న విషయాన్ని కూడా “ఇప్పుడు తాము చెప్పినది ఇదే కదా” అని వెంటనే వ్రాసి పంపడం మేలు.

డబ్బు అందుకొనేవారు ఎవరన్నది మరొక ప్రశ్న. ఇల్లు చూపించిన మధ్యవర్తి తన ఖాతాకే పంపమంటే, తాజా ఆస్తిపన్ను రసీదు ప్రతిని అడిగి, అందులో పేరున్నవారి ఖాతాకే పంపడం క్షేమం. ఇతరులకు చెల్లించవలసి వస్తే యజమాని అనుమతి రాతలో ఉండాలి. విద్యుత్ బిల్లు ఒక్కదానినే నమ్మరాదు; ఇల్లు చేతులు మారినా పాత యజమాని పేరే దానిపై కొనసాగడం కద్దు. చెల్లించేటప్పుడు వివరాల గడిలో “టోకెన్” అనీ ఇంటి నంబరూ వ్రాయాలి. ఆ గడిని ఖాళీగా వదిలితే ఆ సొమ్ము చేబదులో, మధ్యవర్తి రుసుమో అని తరువాత వాదించే వీలుంటుంది.