తెగిపోయే హెడ్డింగ్‌లో ‘లేదు’ ఎక్కడుండాలి?

వానాకాలం రాత్రి ఫోన్‌లో ఇలాంటి నోటిఫికేషన్ వచ్చిందనుకుందాం: ‘భారీ వర్షాల నేపథ్యంలో హైదరాబాద్‌లోని పాఠశాలలకు రేపు సెలవు…’. చదివిన తల్లి పొద్దున్నే పిల్లల్ని లేపదు. కానీ చుక్కల వెనక దాగిన మాట ‘లేదు’. డెస్కులో రాసినవారు తప్పేమీ రాయలేదు. తెరమీద చోటు చాలక వార్త తలకిందులైంది.

అచ్చు పత్రికలో హెడ్డింగ్ కాలమ్‌లో పట్టకపోతే సబెడిటరే మాట మారుస్తారు. ఫోన్‌లో కోసేది యంత్రం. అది అర్థం చూడదు, వెడల్పు చూస్తుంది. ఒకే హెడ్డింగ్ ఒక ఫోన్‌లో పూర్తిగా కనిపిస్తుంది, అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవారి ఫోన్‌లో సగానికే ఆగిపోతుంది. గూగుల్ సెర్చ్ కూడా శీర్షికకు ఇన్ని అక్షరాలని హద్దు పెట్టదు, పరికరం వెడల్పును బట్టి కత్తిరిస్తుంది.

అందుకే ‘60 అక్షరాలు దాటొద్దు’ అన్న లెక్క తెలుగుకు సరిగా అతకదు. ‘రాష్ట్రంలో’ అన్న మాటలో మనకు మూడు అక్షరాలే కనిపిస్తాయి. కంప్యూటర్ గుణింతాన్నీ, పొల్లునూ, సున్నానూ విడివిడిగా లెక్కేసి పది అంటుంది. ‘హైదరాబాద్’ను తొమ్మిదే అంటుంది, కానీ అందులో హల్లు కిందికి చేరే వత్తులు లేవు కాబట్టి తెరమీద ఆ మాటే ఎక్కువ చోటు తీసుకోవచ్చు. అంకె చూసి ధైర్యపడకూడదు.

మన వాక్యంలో క్రియ చివరన వస్తుంది, ‘లేదు’, ‘కాదు’ దానితోపాటే వస్తాయి. పై హెడ్డింగ్‌ను సరిచేద్దాం. వర్షం సంగతి కిటికీలోంచి చూసినా తెలుస్తుంది, దాన్ని వెనక్కి పంపొచ్చు. వరంగల్ పాఠకుడు తన వార్త కాదని వెంటనే గ్రహించాలి కాబట్టి ఊరి పేరు ముందుండాలి. ‘హైదరాబాద్ బడులకు రేపు సెలవు లేదు’ పొట్టిగా ఉన్నా, ‘సెలవు’ దగ్గర తెగే ప్రమాదం పోలేదు. ‘హైదరాబాద్‌లో రేపు బడులు యథాతథం, భారీ వర్షాలున్నా తరగతులు’ అంటే ఎక్కడ తెగినా వార్త అసంపూర్ణమవుతుందే తప్ప అబద్ధం కాదు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది ఆరోపణల హెడ్డింగ్. ‘వంతెన నిధులు పక్కదారి పట్టాయంటూ ప్రతిపక్షం ఆరోపణ’ తెగితే ‘వంతెన నిధులు పక్కదారి…’ మాత్రమే మిగులుతుంది. ఒకరి మాట రుజువైన నిజంలా నిలబడుతుంది. చాలామంది నోటిఫికేషన్ చూసి అక్కడే ఆగిపోతారు, లోపలి వార్త వారిని సరిదిద్దలేదు. కాబట్టి అన్నవారి పేరు ముందుకు రావాలి: ‘ప్రతిపక్షం ఆరోపణ: వంతెన నిధులు పక్కదారి’.

పరీక్ష తేలికే. నోటిఫికేషన్‌ను ముందుగా అక్షరాల సైజు బాగా పెంచిన ఫోన్‌కు పంపి, చుక్కల ముందు ఉన్నంతే చదవాలి. తర్వాత చివరి నుంచి ఒక్కో మాట మూస్తూ రావాలి. ఏ దశలోనైనా అర్థం తిరగబడితే మళ్లీ రాయాలి. వార్త పేజీలోని పెద్ద హెడ్డింగ్‌ను కదిలించనక్కర్లేదు, నోటిఫికేషన్‌కు వేరే వాక్యం రాసుకుంటే చాలు.