పల్లె బడికి పట్నం చాక్‌పీసు

పల్లెటూరి బడి పంతులు పట్నంలోని స్నేహితుడికి ‘మంచి చాక్‌పీసులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో’ అని ఉత్తరం రాసేటప్పుడు ఎన్ని పెట్టెలు కావాలో రాస్తాడు, డబ్బు ఎలా పంపేదీ రాస్తాడు. బడిలోని బోర్డు ఎలాంటిదో మాత్రం రాయడు. స్నేహితుడు దుకాణానికి వెళ్లి అడిగితే యజమాని ‘మామూలువా, డస్ట్‌లెస్సా?’ అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ బోర్డును బట్టే ఉంటుంది.

చాలా ఊళ్లలో బోర్డంటే గోడ మీద సిమెంటు పూసి, నల్ల పెయింటు వేసిన చదరం. కొత్తగా పెయింటు వేసినప్పుడు అది కాస్త గరుకుగా ఉండి సుద్దను పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి రాసి, తుడిచి, తడిగుడ్డతో కడిగాక నునుపుదేలి మెరుస్తుంది. గరుకు బోర్డు మీద మెత్తటి చాక్‌పీసు నాలుగు లెక్కలకే అరిగిపోతుంది. కాబట్టి దానికి గట్టిది కావాలి. నునుపుదేలిన బోర్డు మీద గట్టిది జారిపోతుంది, గీత పలచగా పడి వెనక బెంచీ వాళ్లకు కనబడదు. దానికి మెత్తటిదే నయం. అసలు అలాంటి బోర్డుకు చాక్‌పీసు మార్చడం కన్నా ఒక డబ్బా బ్లాక్‌బోర్డు పెయింటు తెప్పించడం మేలు. పెయింటు బాగా ఆరాక చాక్‌పీసును అడ్డంగా పట్టుకుని బోర్డంతా రుద్ది, పొడి డస్టర్‌తో తుడిచి, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాలి. ఈ పని చేయకపోతే మొదటి రోజు రాసిన అక్షరాల జాడ చాలాకాలం పోదు.

మన దగ్గర మామూలుగా దొరికే చాక్‌పీసు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసినది. జిప్సం రాయిని దాదాపు 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అందులోని నీటిలో ముప్పాతిక భాగం పోయి ఈ పొడి తయారవుతుంది. దాన్ని మళ్లీ నీళ్లలో కలిపి అచ్చుల్లో పోస్తే కాసేపట్లోనే బిగుసుకుని జిప్సంగా మారుతుంది. అచ్చుకు అంటుకోకుండా ముందు నూనె పూస్తారు. బయటికి తీశాక ఎండలో రోజుల తరబడి ఆరబెడతారు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు కనుక చిన్న పట్టణాల్లోనూ ఈ పని చేసేవాళ్లు ఉంటారు. డస్ట్‌లెస్ అని అమ్మేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్‌ది. దాని పొడి బరువుగా ఉండటం వల్ల గాలిలో తేలకుండా కింద రాలుతుంది. పేరులో ఉన్నట్టు పొడి అసలే రాదనుకుంటే పొరపాటు, రాలిన పొడి బోర్డు కింద కనబడుతూనే ఉంటుంది. అయితే దగ్గు, ఆయాసం ఉన్న టీచర్‌కు ఎక్కువ ధర పెట్టి కొన్నా గిట్టుబాటే.

ఈ రెంటినీ పోల్చుకోవడానికి ఒక నిమ్మకాయ చాలు. ముక్క మీద రసం పిండితే కార్బొనేట్ చాక్‌పీసు బుసబుసమని పొంగుతుంది, జిప్సంది ఊరికే తడుస్తుంది. కార్బొనేట్ ఉందని తేలడం వరకే ఈ పరీక్ష పనికొస్తుంది. బాగా రాస్తుందా లేదా అన్నది రాసి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు వాడుతున్నవి ఎందుకు బాగాలేవో కూడా ఉత్తరంలో ఉంటే స్నేహితుడికి పని తేలికవుతుంది. చాక్‌పీసు జారిపోతూ గీత పడకపోతే దాన్ని మధ్యకు విరిచి, విరిగిన కొసతో రాసి చూడాలి. ఆ కొస చక్కగా రాస్తే లోపం పైపొరలో ఉందన్నమాట, అచ్చుకు పూసిన నూనె అంటుకుని ఉంటుంది. విరిచినా గీత పడకపోతే బోర్డునే అనుమానించాలి. రాస్తుండగా ఉన్నట్టుండి గీరుకుని, బోర్డు మీద తుడిచినా పోని సన్నటి గాటు పడితే పొడిలో ఇసుక రేణువులు ఉన్నట్టు. అలాంటి పెట్టెను వాపసు చేయడమే మంచిది, ఎందుకంటే అది బోర్డును పాడుచేస్తుంది. కీచుమనే చప్పుడు వేరే సంగతి. పొడవాటి ముక్క బోర్డు మీద పట్టి వదులుతూ అదరడం వల్ల వచ్చే శబ్దం అది. సగానికి విరిచి, కాస్త వాల్చి పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

దుకాణంలో పెట్టె తెరిపించి రెండు ముక్కలను ఒకదానితో ఒకటి తట్టి చూడాలి. బాగా ఆరినవైతే ఖణేల్‌మంటాయి, చెమ్మ ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. విరిచినప్పుడు టక్కున విరగాలి, లోపల బుడగలు ఉండకూడదు. ఒక పలక మీద గీసి, పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గీత పోవాలి.

ఇవన్నీ పెట్టుకుని రాస్తే ఉత్తరం ఇలా ఉంటుంది: ‘ఒరేయ్, మా బోర్డు సిమెంటుది, నిరుడే పెయింటు వేశారు, గరుగ్గా ఉంది. ఇక్కడ దొరికేవి రాస్తుంటే పిండిలా రాలుతున్నాయి. కాస్త గట్టివి, తెల్లవి వందల పెట్టెలు పది, రంగువి ఒకటి చూడు. అన్నీ ఒకేసారి కొనకు. ముందు రెండు రకాలు ఒక్కో పెట్టె పంపితే రాసి చూసి చెబుతాను. బిల్లు బడి పేర రాయించు, నా పేర వద్దు.’

పది పెట్టెలన్నది ఊరికే వేసిన అంకె కాదు. ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో ఒక్కొక్కరు రోజుకు రెండు ముక్కలు వాడితే రోజుకు నాలుగు. బడి 220 రోజులు నడిస్తే 880 అవుతాయి. దారిలో విరిగేవి, పిల్లల జేబుల్లోకి చేరేవి కలుపుకుంటే వెయ్యి. సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. అందులో కనీసం పది శాతం పారిశుధ్యానికి పోగా మిగిలిన దాంట్లోనే కరెంటు బిల్లు, రిపేర్లు, చాక్‌పీసులూ. ఆ లెక్క చూపాలంటే బడి పేర బిల్లు ఉండాల్సిందే.

హైదరాబాద్‌లో హోల్‌సేల్ సరుకుకు బేగంబజార్, విడిగా పుస్తకాలు, స్టేషనరీ కొనాలంటే కోఠి, విజయవాడలో వన్‌టౌన్. బస్సు కార్గోలో పంపేటప్పుడు చాక్‌పీసు పెట్టెలను అట్టపెట్టెలో నిలువుగా సర్ది, సందుల్లో కాగితం కుక్కాలి. జూన్ 12న బడి తెరుస్తారు కనుక ఉత్తరం ఏప్రిల్‌లోనే వెళ్లడం మంచిది. మే నెలలో దొరికే సరుకు ఎండకు ఆరినది. వానలు పడ్డాక చేసినవి సరిగా ఆరకుండానే పెట్టెల్లోకి చేరవచ్చు.

అదే పార్సెల్‌లో డస్టర్లు కూడా తెప్పించుకోవచ్చు. చెక్కకు మందపాటి ఫెల్ట్ అతికించినవి స్పాంజివాటి కన్నా ఎక్కువకాలం వస్తాయి. వాటిని కడగకుండా బయట రాయికి కొట్టి దులపాలి. పలకల మాటకొస్తే రేకువి, ప్లాస్టిక్‌వి ఎక్కడైనా దొరుకుతాయి. రాతి పలకలకు పేరున్న ఊరు మార్కాపురం. కోస్తా, రాయలసీమ వైపు వాళ్లు వాటి కోసం హైదరాబాద్ స్నేహితుణ్ణి కష్టపెట్టనక్కర్లేదు.

వచ్చిన సరుకును మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలో, నేలకు తగలకుండా పెట్టాలి. చెమ్మ పట్టినా అవి పాడైనట్టు కాదు, ఒకటి రెండు రోజులు ఎండలో పరిస్తే మళ్లీ రాస్తాయి. త్వరగా ఆరాలని మధ్యాహ్న భోజనం వండే పొయ్యి పక్కన పెట్టకూడదు. వేడి ఎక్కువైతే జిప్సంలోని నీరు పోయి, ముక్క మళ్లీ ప్లాస్టర్‌గా మారి చేతిలోనే పొడైపోతుంది.