రిక్రూటర్‌కు రాసే నాలుగు వాక్యాలు

"హాయ్ మేడమ్, మీ పోస్ట్ చూశాను. ఐ యామ్ ఇంట్రెస్టెడ్. నా ప్రొఫైల్ చూసి ఏదైనా ఉంటే చెప్పండి." లింక్డ్‌ఇన్‌లో రిక్రూటర్లకు వచ్చే మెసేజ్‌లలో ఇలాంటివి కొల్లలు. మర్యాదకు లోటేమీ లేదు. ఏ ఉద్యోగం గురించో మాత్రం లేదు. ఒక్కో రిక్రూటర్ ఒకేసారి చాలా ఖాళీలు చూస్తుంటారు. ఈయన అడిగేది వాటిలో దేని గురించో వెతుక్కునే ఓపిక ఆవిడకు ఉండదు.

హైదరాబాద్‌లో నాలుగేళ్ల అనుభవమున్న జావా డెవలపర్‌ ఒకడు ఉన్నాడనుకుందాం. బ్యాకెండ్ ఇంజినీర్ కావాలన్న పోస్ట్ చూశాడు. ముందు కంపెనీ కెరీర్స్ పేజీలో అప్లై చేయాలి. చాలా పెద్ద కంపెనీల్లో అప్లికేషన్ సిస్టమ్‌లోకి ఎక్కనిదే రిక్రూటర్ ఎవరినీ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లలేరు. ఆ తర్వాతే మెసేజ్. కనెక్షన్ రిక్వెస్ట్‌తో పంపే నోట్‌లో పట్టేది రెండు మూడు వందల అక్షరాలే కాబట్టి సొంత కథకు చోటుండదు. అతను ఇంగ్లిషులో పంపాల్సినది తెలుగులో ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మీరు పోస్ట్ చేసిన బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగానికి, జాబ్ ఐడీ 48213, నిన్న అప్లై చేశాను. జావా, స్ప్రింగ్ బూట్‌లో 4 ఏళ్లు, ఇప్పుడు పేమెంట్స్ టీమ్‌లో ఉన్నాను. రిజైన్ చేశాను, చివరి రోజు జూన్ 20. ఉండేది హైదరాబాద్‌లోనే."

ఐడీ కొడితే ఆవిడకు అప్లికేషన్ దొరుకుతుంది. ఇక చివరి రోజు సంగతి. మన ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 60, 90 రోజులు ఉండటం మామూలే. అందుకే రిక్రూటర్ ఫోన్ చేస్తే మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. తొందరగా చేరగలిగేవాళ్లకు అదే పెద్ద అర్హత, దాన్ని రెజ్యూమె అడుగున దాచుకోవడం ఎందుకు? జీతం మాట మాత్రం వాళ్లడిగేదాకా ఎత్తకపోవడమే నయమని నా అభిప్రాయం. పోస్ట్‌లో కాఫ్కా అడిగారు, మనకు రాదు అనుకోండి, వచ్చని రాయకూడదు. టెక్నికల్ రౌండ్‌లో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

వారం దాకా జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తు చేయొచ్చు. రోజూ "ఎనీ అప్‌డేట్?" అంటే ఉన్న దారీ మూసుకుపోతుంది.

పోస్ట్ పెట్టింది కంపెనీ మనిషా, కన్సల్టెన్సీ మనిషా అన్నది ప్రొఫైల్‌లో చూసుకోవాలి. కన్సల్టెన్సీ అయితే కంపెనీ పేరు చెప్పాకే రెజ్యూమె ఇవ్వాలి. మన డెవలపర్ నిన్న నేరుగా అప్లై చేసిన కంపెనీకే వీళ్లూ రెజ్యూమె ఎక్కిస్తే, అక్కడ డూప్లికేట్ అని చూపిస్తుంది. ఈ మనిషిని తెచ్చింది ఎవరు, కమిషన్ ఎవరికి అన్న పేచీ తేలేదాకా ఫైలు కదలదు, ఈలోగా ఇంకొకరిని తీసుకున్నా ఆశ్చర్యం లేదు. "అక్కడ నేను ముందే అప్లై చేశానండీ" అని ఒక్క మాట చెప్పేస్తే ఆ గొడవే ఉండదు.