ఆరువందల జౌళ్లకు ఎంత దక్కుతుంది?

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. వాటిని రివర్సిబుల్ టర్బైన్లంటారు. పైనుంచి నీళ్లు దిగుతుంటే కరెంటు తీస్తాయి. గ్రిడ్‌లో కరెంటు మిగిలిపోయే వేళ అదే యంత్రాన్ని వెనక్కి తిప్పి, దిగిన నీళ్లను మళ్లీ పైకి తోడొచ్చు. నిజం యంత్రం కాబట్టి తోడేటప్పుడు ఖర్చయ్యే కరెంటు, దింపేటప్పుడు వచ్చేదానికంటే ఎక్కువే. కాసేపు ఆ నష్టాన్ని మరిచిపోదాం. టన్ను నీళ్లు దిగితే ఎంత పని వస్తుందో, సరిగ్గా అంతే పని పెడితే టన్ను నీళ్లు పైకెక్కుతాయనుకుందాం. అలాంటి యంత్రం ఒకటి చేతిలో ఉండగా, ‘నా చక్రం అదే నీటితో ఇంకా ఎక్కువ పని తీస్తుంది’ అని ఒకాయన వచ్చాడనుకోండి. ఆయన చక్రంతో మన యంత్రాన్ని వెనక్కి తిప్పితే చాలు. దిగిన నీళ్లన్నీ తిరిగి పైకి చేరతాయి, పైగా కొంత పని ఉత్తినే మిగులుతుంది. అలా ఉత్తినే మిగలదని కాలవగట్టు మీద పెరిగిన ఎవరికైనా తెలుసు. కాబట్టి ఆయన మాట అబద్ధం. ఆయన చక్రాన్ని విప్పి చూడాల్సిన పనే లేదు.

ఆవిరి ఇంజన్ల విషయంలో ఇదే వాదనను 1824లో ఫ్రెంచి సైనిక ఇంజనీరు సాదీ కార్నో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు 28. వేడి అనేది వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకి జారే ద్రవం లాంటిదని, జారేటప్పుడు నీటిలాగే చక్రం తిప్పుతుందని, కిందికి చేరాక కూడా ఎంత బయలుదేరిందో అంతా ఉంటుందని ఆయన ఊహ. చివరి మాట తప్పు. అయినా ఆయన తేల్చింది మాత్రం తప్పు కాలేదు. ఇంజన్‌లో ఆవిరి పోసినా, గాలి నింపినా, ఆల్కహాలు మరిగించినా ఒరిగే తేడా ఏమీ లేదు. ఎంత పని రాబట్టగలమన్నది రెండు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుందన్నాడు. 1832లో కలరా సోకి పోయాడు. తప్పు పునాది మీద నిలబడ్డ ఆ సరైన గోడ కింద పునాది మార్చే పని 1850లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ మీద పడింది.

డిగ్రీలో ఈ ఋజువు చదివినప్పుడు నాకు గుర్తుండిపోయింది రెండు డబ్బాలు, నాలుగు బాణాల బొమ్మే. అంకెలు వేసుకుంటే గానీ తలకెక్కలేదు. అందుకే అంకెలతోనే చెబుతాను.

ఒకవైపు 600 కెల్విన్‌ల వేడి నిల్వ ఉంది, అంటే సుమారు 327 డిగ్రీల సెల్సియస్. మరోవైపు 300 కెల్విన్‌ల చల్లని నిల్వ, మన వాతావరణమే అనుకోండి. ఎంత వేడి తీసినా, పోసినా వాటి ఉష్ణోగ్రత మారనంత పెద్దవి ఈ రెండూ. వీటి మధ్య ఒక రివర్సిబుల్ ఇంజన్ నడుస్తోంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ఉత్క్రమణీయ యంత్రమంటారు. ఒక్కో చక్రానికి అది వేడి వైపు నుంచి 600 జౌళ్లు తీసుకుని, 300 జౌళ్లు పనిగా మార్చి, మిగతా 300 చల్లని వైపు వదిలేస్తుంది. వెనక్కి తిప్పితే అంకెలు అవే, దిక్కులే మారతాయి. 300 జౌళ్ల పని మనం పెడితే, చల్లని వైపు నుంచి 300 లాగి, వేడి వైపు 600 పోస్తుంది. మన ఇంట్లో ఫ్రిజ్ చేసే పని ఈ రెండో రకమే.

ఇప్పుడు ఒకాయన 600 జౌళ్లకు 360 జౌళ్ల పని ఇచ్చే ఇంజన్ తెచ్చాడు. చల్లని వైపు అది 240 మాత్రమే వదులుతుందట. ఆ 360 జౌళ్ల పనినీ మన ఇంజన్‌ను వెనక్కి తిప్పడానికి వాడదాం. మన ఇంజన్‌ను కాస్త పెద్దది చేసుకుంటే సరి. అది చల్లని వైపు నుంచి 360 లాగి, వేడి వైపు 720 పోస్తుంది. లెక్క చూడండి. వేడి వైపు నుంచి 600 పోయాయి, 720 వచ్చాయి. చల్లని వైపుకు 240 వచ్చాయి, 360 పోయాయి. మనం బయటినుంచి పెట్టిన పని సున్నా, తీసుకున్న పనీ సున్నా. తేలిందల్లా ఒక్కటే: 120 జౌళ్ల వేడి తనంతట తాను చల్లటి చోటు నుంచి వేడి చోటుకి ఎక్కింది.

క్లాసియస్ గొప్పతనం కనిపించేది ఇక్కడే. నీటి చక్రం కథలో ‘పని ఉత్తినే పుట్టింది’ అని ఎత్తి చూపగలిగాం. ఇక్కడ అలా అనడానికి లేదు. ఒక చోట తగ్గిన 120 జౌళ్లు మరో చోట పెరిగాయి. శక్తి నిత్యత్వ నియమం ఈ ఖాతాను తనిఖీ చేసి సంతకం పెట్టేస్తుంది. అయినా మనసు ఒప్పుకోదు: గదిలో పెట్టిన కాఫీ గ్లాసు గదిని ఇంకా చల్లబరిచి తాను కుతకుత ఉడకడం ఎవరూ చూడలేదు. శక్తి నియమంతో సంబంధం లేని మరో నియమం కావాలన్నమాట. 1850లో క్లాసియస్ దాన్ని సూత్రంగా నిలబెట్టాడు: మరే మార్పూ జరగకుండా వేడి చల్లని చోటు నుంచి వేడి చోటుకి వెళ్లదు. దీనికి ఋజువు లేదు, అనుభవమే ఆధారం. దీన్ని ఒప్పుకుంటే 360 జౌళ్ల ఇంజన్ అసాధ్యం. ఇద్దరి దగ్గరా రివర్సిబుల్ ఇంజన్లే ఉంటే, ఎవరిది ఎక్కువైనా రెండోవాడు తనదాన్ని వెనక్కి తిప్పి మొదటివాడి మాట తేల్చేయగలడు. కాబట్టి రివర్సిబుల్ ఇంజన్లన్నిటి దక్షతా ఒకటే. లోపల ఏముందన్నది దానికి అనవసరం. మిగిలేవి రెండు ఉష్ణోగ్రతలే గనుక, వాటి నిష్పత్తిని ఈ ఇంజన్ల వేడి నిష్పత్తితోనే నిర్వచించుకున్నారు. కెల్విన్ కొలమానం అలా వచ్చిందే.

1854లో క్లాసియస్ ఇదే విషయాన్ని ఖాతా రూపంలో రాశాడు. ఇంజన్ తీసుకున్న ప్రతి వేడినీ, అది ఏ నిల్వ నుంచి వచ్చిందో దాని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించండి. తీసుకుంటే కూడండి, వదిలితే తీసేయండి. రివర్సిబుల్ ఇంజన్‌కు 600/600 అంటే 1, అందులోంచి 300/300 అంటే మరో 1 పోతే సున్నా. ఆ ఘనమైన ఇంజన్‌కు 1 లోంచి 240/300, అంటే 0.8 పోతే 0.2 మిగులుతుంది. క్లాసియస్ అసమానత చెప్పేది ఇంతే: పూర్తి చక్రం తిరిగాక ఈ మొత్తం ఎప్పుడూ సున్నాను దాటదు.

ΣQ/T ≤ 0

మరి నిజం ఇంజన్లలో ఇది సున్నాకు కిందికి ఎందుకు పడుతుంది? వేడి ప్రవహించాలంటే తేడా ఉండాలి. వేడి వైపు 600 ఉంటే, లోపలి వాయువు 500 దగ్గర ఉండి ఆ వేడిని లాక్కుంటుందనుకుందాం. అవతల చల్లని వైపు 300 ఉంటే, వాయువు 350 దగ్గర ఉండి వదులుతుంది. లోపల ఘర్షణ, లీకేజీ ఏమీ లేవు, అంతా పరిపూర్ణమే అనుకున్నా, వాయువుకు దక్కే తేడా 500కీ 350కీ మధ్యదే. 600 జౌళ్లకు 180 పని, 420 వృథా. ఖాతా తీస్తే 1 లోంచి 1.4 పోతే −0.4.

విద్యార్థులు పప్పులో కాలేసేది ఇక్కడే. T దగ్గర వాయువు ఉష్ణోగ్రత వేస్తే 600/500, 420/350 రెండూ 1.2 అయి మొత్తం సున్నా వస్తుంది, నష్టం మాయమైపోతుంది. అసమానతలో T ఇచ్చిపుచ్చుకునే నిల్వది. నష్టం వాయువులో జరగలేదు, 600కీ 500కీ మధ్య ఉన్న గోడలో, 350కీ 300కీ మధ్య ఉన్న గోడలో జరిగింది. ఈ ఇంజన్‌ను ఉన్నదున్నట్టు వెనక్కి తిప్పడమూ కుదరదు. 500లో ఉన్న వాయువు 600 నిల్వకు వేడి ఎలా ఇస్తుంది? రివర్సిబుల్ కాకపోవడమంటే అర్థం ఇదే. ఆ −0.4 ఉత్త అంకె కాదు. దాన్ని చల్లని వైపు ఉష్ణోగ్రత 300తో గుణిస్తే 120. రావాల్సిన 300 జౌళ్లకు, వచ్చిన 180కి తేడా సరిగ్గా ఆ 120.

నిల్వలు రెండే కాక పది ఉంటే? వేడి అంచెలంచెలుగా వచ్చి పోతుంటే? అక్కడా ఋజువు ముచ్చటగా ఉంటుంది. 300 కెల్విన్‌ల నిల్వ ఒకదాన్ని పక్కన పెట్టుకుని, దానికీ ప్రతి నిల్వకీ మధ్య ఒక చిన్న రివర్సిబుల్ ఇంజన్ కట్టండి. మన ఇంజన్ ఏ నిల్వ నుంచి ఎంత తీసిందో, చిన్న ఇంజన్ దాన్ని అంతా పూడ్చేస్తుంది. అందుకోసం పక్క నిల్వ నుంచి అది తీసుకునేది 300 రెట్ల Q/T. అన్నీ పూడాక పక్క నిల్వ ఒక్కటే ఖర్చయింది, 300 రెట్ల ΣQ/T అంత. మరెక్కడా మార్పు లేదు గనుక అదంతా పనిగా మారి ఉండాలి. చుట్టూ ఉన్న ఒకే ఒక్క నిల్వ నుంచి వేడి తీసి మొత్తం పనిగా మార్చడం కుదరదన్నది పై నియమానికే మరో రూపం, కెల్విన్ చెప్పింది. కాబట్టి ఆ మొత్తం సున్నాకు మించకూడదు. 1865లో క్లాసియస్ ఈ Q/T ఖాతాకే ఎంట్రోపీ అని పేరు పెట్టాడు.

ఇంత సొగసైన రివర్సిబుల్ ఇంజన్‌ను ఎవరూ ఎందుకు కట్టరు? తేడా లేకుండా వేడి ప్రవహించాలంటే అనంతమైన నిదానం కావాలి. చక్రం ఒక్కసారి తిరిగేసరికి యుగం గడుస్తుంది, కరెంటు రాదు. ఇంగ్లండులోని వెస్ట్ థరాక్ బొగ్గు విద్యుత్ కేంద్రం 565, 25 డిగ్రీల సెల్సియస్‌ల మధ్య నడిచేది. కార్నో హద్దు 64 శాతం, వచ్చింది 36. వేడి అందుకోవడానికి వదిలిన తేడాను లెక్కలో కలుపుకుంటే, అత్యధిక పవర్ దగ్గర దక్షత 40 శాతం అవుతుందని 1975లో కర్జన్, ఆల్బోర్న్ చూపారు. ఆ కేంద్రంలోని ఇంజనీర్లను నిందించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదన్నమాట.

ఇంధనాన్ని మండించకుండా నేరుగా కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌కు ఈ హద్దు వర్తించదు. అది వేడి ఇంజన్ కాదు. వేడితో నడిచేదైతే మాత్రం తప్పించుకునే దారి లేదు. ఫ్యాక్టరీలో పారబోసే 90 డిగ్రీల నీటితో 25 శాతం దక్షతతో కరెంటు తీస్తానని ఎవరైనా పెట్టుబడి అడగొచ్చు. 90 అంటే 363 కెల్విన్, బయట 30 డిగ్రీలంటే 303. తేడా 60ని 363తో భాగిస్తే పదహారున్నర శాతం. యంత్రం చూడకుండానే కాదనేయండి.